ఆ ఒక్క 'ఆ' లేని చోట

సెలవు మీద వారాసిగూడలోని మా ఇంటికి వచ్చి పది రోజులైంది. రోజూ సాయంత్రం డాబా మీద నేను రోగినవుతాను, మా పిన్ని కూతురు నర్సవుతుంది. ఇక్కడ ఆమె నిజంగానే నర్సు. విదేశానికి వెళ్లడానికి ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష రాస్తోంది. అందులో మాట్లాడే భాగంలో రోగితోనో, వాళ్ల ఇంటివాళ్లతోనో ఐదేసి నిమిషాల సంభాషణలు రెండు ఉంటాయి. మొదటి రోజు ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "యూ టుక్ ది వైట్ టాబ్లెట్." చివర గొంతు మెల్లగా కిందికి దిగింది. పదకొండేళ్ల క్రితం ఇంగ్లండ్‌లోని ఒక వార్డులో నేనూ సరిగ్గా ఇలాగే అడిగాను. అందుకే ఆమెను అక్కడే ఆపాను.

ఆ రాత్రి సంగతి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. మందు మింగేదాకా రోగి పక్కనే ఉండి, ఆ తరువాతే చార్టులో సంతకం పెట్టాలి. మాత్ర చిన్న కాగితపు కప్పులో వేసి ఇచ్చాను. అంతలో పక్క మంచం గంట మోగింది. వెళ్లి, రెండు నిమిషాల్లో తిరిగి వచ్చి ఆ పెద్దాయనను అదే వాక్యం అడిగాను. ఆయన నా ముఖంలోకి చూసి "డిడ్ ఐ?" అని, ఒక క్షణం ఆగి తల ఊపారు. నేను సంతకం పెట్టేశాను. తెల్లవారుజామున టీ కప్పులు తీస్తుంటే సాసరు కింద మాత్ర కనిపించింది. వెంటనే డాక్టరుకు చెప్పాం. ఆయనకు ఏమీ కాలేదు. కానీ తప్పు నాదే.

నేను ఆయనను అడగలేదు, ఆయనకు చెప్పాను. "మీరు తెల్ల మాత్ర వేసుకున్నారు" అని నర్సే నమ్మకంగా చెబితే, నిద్రమత్తులో ఉన్న మనిషి కాదంటాడా? "డిడ్ ఐ?" అన్నప్పుడే నాకు తెలియాలి. అడిగిన ప్రశ్నకు అవుననో కాదనో రాకుండా "వేసుకున్నానా?" అని ఎదురు ప్రశ్న వచ్చిందంటే, మన ప్రశ్న అవతలివారి చెవికి సమాచారంగా చేరిందన్నమాట.

నా మనసులో ఉన్న వాక్యం "తెల్ల మాత్ర వేసుకున్నారా". తెలుగులో ఈ ప్రశ్నను ప్రశ్నగా నిలబెట్టేది చివరి 'ఆ'. అది ఉంటే గొంతు పైకి లేచినా, చదునుగా ఉన్నా, కిందికి దిగినా అది ప్రశ్నే. మా అమ్మ రోజూ ఫోనులో "తిన్నావా" అంటుంది. మామూలు రోజుల్లో చివర గొంతు కొద్దిగా లేస్తుంది. నేను రెండు రోజులు ఫోను చేయకపోతే అదే మాట బరువుగా కిందికి దిగుతుంది, అందులో అలక వినిపిస్తుంది. రాత్రి పన్నెండైనా తినలేదని తెలిస్తే 'ఆ' పొడుగ్గా సాగి చాలా పైకి వెళుతుంది. మూడుసార్లూ అడిగిందనే విషయంలో అనుమానమే లేదు. ప్రశ్న బాధ్యత 'ఆ' తీసుకుంది కాబట్టి, మనసులోని భావం చెప్పడానికి స్వరం ఖాళీగా ఉంది. మా పక్కింటివారు దక్కనీలో "ఖానా ఖాయే క్యా?" అన్నా అంతే, క్యా చివర కూర్చుని పని చూసుకుంటుంది. హైదరాబాదులో పెరిగిన నాకు రెండు వైపులా అలాంటి ఆసరా ఉండేది.

ఇంగ్లీషులో ఆ చిన్న మాట లేదు. 'డిడ్ యూ' అని పదాల వరస మార్చి మొదలుపెడితే గొంతు దిగినా ప్రశ్న నిలబడుతుంది. నేను వరస మార్చలేదు, తెలుగు క్రమంలోనే నడిచాను. అలా నడిచినప్పుడు ప్రశ్న అని చెప్పగలిగేది స్వరం ఒక్కటే. చివరి బరువైన పదం దగ్గర, అంటే 'టాబ్లెట్' దగ్గర, అది పైకి ఎక్కాలి. నా వాక్యంలో 'ఆ' రాలిపోయింది, దాని చోట స్వరమూ లేవలేదు.

అవును, కాదు ప్రశ్నలతోనే ఇది ఆగదు. ఏ సంగతి గురించి అడుగుతున్నామో చూపడానికి మనం వాక్యాన్ని తిప్పి, అడిగే పదాన్ని చివరికి తెచ్చి దానికి 'ఆ' తగిలిస్తాం. "మీరు తెల్ల మాత్ర వేసుకున్నది ఉదయమా?" అంటే వేళ గురించి. "ఉదయం మీరు వేసుకున్నది తెల్ల మాత్రా?" అంటే ఏ మాత్ర అన్నదాని గురించి. ఇంగ్లీషువారు ఎక్కువగా అవే పదాలను అదే వరసలో ఉంచి, స్వరాన్ని ఒకసారి 'మార్నింగ్' మీదికి, మరోసారి 'వైట్' మీదికి జరుపుతారు. మన 'ఆ' చేసే ప్రయాణం అక్కడ స్వరం చేస్తుంది.

ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్న ప్రశ్నల్లో నాకు ఇంకో చిక్కు వచ్చింది. మనం "నొప్పి ఎక్కడ ఉంది?" అన్నప్పుడు స్వరం 'ఎక్కడ' మీద ఎక్కి, తరువాత దిగుతుంది. అదే అలవాటుతో "వేర్ ఈజ్ ది పెయిన్" అంటూ 'వేర్' మీద గొంతు పెంచేదాన్ని. ఆ మాట ఒక్కదాన్నే అలా పైకి లేపితే, ఇంగ్లీషులో అది "ఎక్కడన్నారు? మళ్లీ చెప్పండి" అన్నట్టు వినిపిస్తుంది. అందుకే ఒక పెద్దావిడ నాకు వినపడలేదనుకుని అంతకుముందు చెప్పిన మాటే గట్టిగా మళ్లీ చెప్పారు. మామూలుగా అడగాలంటే బరువు 'పెయిన్' మీద పడి, స్వరం అక్కడి నుంచి దిగాలి. ఎదుటివారి మాటను తిరిగి అడగడానికి మనకు స్వరం చాలదని, అక్కడా 'ఆ' తగిలిస్తాం. "ఎందుకా? చెబుతాను విను" అంటామే, అది.

ఇది ఇంగ్లీషు మాట్లాడే అన్ని ఊళ్లకూ ఒకే తీరు కాదు. బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన నా సహోద్యోగి మామూలు సంగతి చెప్పినా చివర గొంతు లేచేది. మొదట్లో ఆమె చెప్పే ప్రతి మాటకూ నేను సమాధానం ఇచ్చేదాన్ని.

"అక్కా, మరి పైకి ఎక్కించడం ఎలా అలవాటవుతుంది?" అని అడిగింది చెల్లి.

మనకు రానిదేమీ కాదది. తెలుగులోనూ ఒక్కోసారి 'ఆ' వదిలేసి "అయితే రేపు వస్తున్నావు?" అంటాం. అప్పుడు గొంతు తనంతట తానే లేస్తుంది. లేవకపోతే అది ప్రశ్న కాదని మన చెవికే తెలుసు. అందుకని ముందు 'ఆ' లేకుండా తెలుగులో అడగమన్నాను. ఆ ఎక్కడం నోటికి పట్టాక, ఊపిరి తీసుకోకుండా అదే ఎక్కడంతో ఇంగ్లీషు వాక్యం అనమన్నాను. మొదటి రెండు రోజులు తెలుగులో బాగా ఎక్కేది, ఇంగ్లీషుకు రాగానే కూలబడేది. ఫోనులో రికార్డు చేసి రెండూ వరసగా వినిపించాను. తేడా తన చెవికే దొరికింది.

నిన్న సాయంత్రం మెట్ల దగ్గర నిలబడి, "తెల్ల మాత్ర వేసుకున్నారు?" అంది.

కింద వంటగదిలోంచి మా అమ్మ, "పొద్దుటిది వేసుకున్నానమ్మా, రాత్రిది ఇంకా ఉంది" అంది.

చెల్లి అదే ఊపులో ఇంగ్లీషు వాక్యం అంది. కాసేపు కింద నుంచి ఏ చప్పుడూ లేదు. తరువాత అమ్మ గొంతు మళ్లీ వినిపించింది: "చెప్పాను కదా, వేసుకున్నానని."