పొడి రాలని కట్లెట్ కోసం రెండు ఆదివారాలు

మొదటి ఆదివారం సాయంత్రం మా పిల్లలూ పక్కింటి పిల్లలూ కలిసి కట్లెట్లు కావాలని కూర్చున్నారు. అరకిలో బంగాళాదుంపలు ఉడికించి, క్యారెట్, బీన్స్, బఠాణీ కలిపి, బిళ్ళలు చేసి, బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేశాను. రెండు నిమిషాల్లో పొడంతా నూనెలో ఈదుతోంది, కట్లెట్లు బోడిగా మిగిలాయి, తిప్పబోతే సగం అట్లకాడకి అంటుకుని సగం పెనంలోనే ఉండిపోయింది. ఆ పూట పిల్లలు తిన్నది బ్రెడ్డూ బంగాళాదుంప కూరాను.

ఫోటో పంపితే అక్క వెంటనే ఫోన్ చేసింది. "దుంపలు ముక్కలు కోసి ఉడికించావు కదూ? ముద్ద తడిగా ఉండి ఉంటుందిరా. నూనె కాగిందో లేదో చూశావా అసలు?"

చూడలేదు. దుంపల సంగతి కూడా నిజమే, తొందరగా అవుతుందని తొక్క తీసి ముక్కలు చేసి ఉడికించాను, అవి నీళ్ళన్నీ పీల్చుకున్నాయి. ఆ తడి వేడి నూనెలో ఆవిరై బయటికి తన్నుకొస్తుంది కదా, దారిలో ఉన్న పొడిని నెట్టేస్తుంది.

తర్వాతి ఆదివారం దుంపలు తొక్కతోనే ఉడికించి, పూర్తిగా చల్లారాక మెదిపాను. కూరగాయలు విడిగా మూకుట్లో వేసి నీరు ఇగిరేదాకా వేయించాను. ముద్ద ఇంకా కాస్త మెత్తగా అనిపిస్తే గుప్పెడు అటుకులు పొడి చేసి కలిపాను. చేతికి అంటుకోకుండా ఉండ రావాలి, నొక్కితే అంచులు పగలకూడదు, అంతే చూసుకోవాల్సింది. వేలు మందాన పన్నెండు బిళ్ళలు వచ్చాయి.

పొడి పట్టించడంలో నేను వదిలేసిన పని ఇంకోటి ఉంది. బిళ్ళని ముందు పొడి మైదాలో దొర్లించి దులిపి, తర్వాత పిండి జారులో ముంచి, ఆపైన బ్రెడ్ పొడి అద్దాలి. ఆ మైదా పైనున్న చెమ్మని పీల్చుకుంటుంది, జారు దాన్ని పట్టుకుంటుంది, బ్రెడ్ పొడి జారుని పట్టుకుంటుంది. జారుకి రెండు చెంచాల మైదా, రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్, నీళ్ళు. మొదట దోసెపిండిలా చిక్కగా కలిపాను, కానీ అలా చేస్తే పైన పెంకులా కట్టి మొత్తం ఊడొస్తుందని అక్క అంటే పల్చటి మజ్జిగంత చేశాను. గుడ్డు తినేవాళ్ళకి జారుతో పనిలేదు, గిలక్కొట్టిన గుడ్డు వేడికి గట్టిపడి ఇంకా బాగా పట్టుకుంటుంది. ఒక చెయ్యి తడికి, ఒక చెయ్యి పొడికి, లేకపోతే బ్రెడ్ పొడి బిళ్ళకి కాక మన వేళ్ళకి పడుతుంది. పొడి చల్లి వదిలేయకుండా అరచేత్తో రెండువైపులా, అంచుల చుట్టూ కూడా అదిమాను.

పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి, మూత పెట్టకుండా నలభై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాను. పిల్లలు ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తీశారో లెక్కలేదు. మూత పెడితే లోపల చెమ్మ పట్టి పొడి మళ్ళీ నానుతుంది. తీసేసరికి బిళ్ళ బిరుసుగా ఉంది, వేలితో రాస్తే రెండు మూడు రవ్వలు తప్ప రాలలేదు.

ఇక నూనె. అడుగు చదునుగా ఉన్న పెనంలో కట్లెట్ సగం మునిగేంత పోశాను. మొదటిసారి రెండు చెంచాలే వేశాను, అందుకే నూనె తగలని చోట పొడి తెల్లగా ఉండి, తగిలిన చోట మాడింది. వేడి 170 నుంచి 180 డిగ్రీలు ఉంటే సరి, కానీ మా ఇంట్లో థర్మామీటర్ జ్వరానికే ఉంది కాబట్టి చిటికెడు బ్రెడ్ పొడి వేసి చూశాను. అడుక్కి పోయి ఊరుకుంటే చాల్లేదు, వెంటనే బుసబుసమని పైకి తేలి అర నిమిషంలో బంగారు రంగుకి వస్తే వేయొచ్చు, వేయగానే నల్లబడితే మంట తగ్గించి ఆగాలి.

చల్లటి బిళ్ళలు వేస్తే నూనె వేడి పడిపోతుంది, అందుకే నాలుగే వేశాను. రెండున్నర నిమిషాలు అట్లకాడ ముట్టుకోలేదు, ఇదే కష్టం. అంచు ఎర్రబడి, పెనం ఊపితే బిళ్ళ దానంతటదే జరిగింది, అప్పుడు ఒక్కసారే తిప్పాను. రెండో వాయి ముందు అడుగున పడ్డ రవ్వల్ని చిల్లుల గరిటెతో తీసేసి, నూనెని ఒక నిమిషం మళ్ళీ కాగనిచ్చాను. రవ్వలు వదిలేస్తే అవి మాడి తర్వాతి వాటికి నల్లటి మచ్చల్లా అంటుకుంటాయి, చేదు కూడా. దించినవి కాగితం మీద కాకుండా తీగల జాలీ మీద పెట్టాను, కాగితం మీదైతే ఆవిరికి అడుగు మెత్తబడుతుంది.

వేయించిన ఎనిమిదిలో ఒక్కదానికే పొడి ఊడింది, అంచు సరిగ్గా అదమనిదానికి. ఆ రోజు ఎనిమిదే తిన్నారు, మిగతా నాలుగు వేయించకుండా ఫ్రీజర్‌లో దాచాను. బుధవారం వాటిని కరగనివ్వకుండానే వేయించాను, కరిగితే పైన నీరు పట్టి కథ మొదటికొస్తుంది. మంట కాస్త తగ్గించి ఎక్కువసేపు ఉంచినా ఒకదాని నడుమ చల్లగానే ఉంది, అది నా వాటాకి వచ్చింది.