పలుచగా రాయాల్సింది మందంగా, మందంగా రాయాల్సింది పలుచగా

నిన్న రాత్రి మా బిడ్డ పది గంటలకు పడుకుని పొద్దున ఆరున్నరకు లేచింది. మధ్యలో ఒక్కసారి కూడా గోక్కున్న చప్పుడు వినలేదు. డిసెంబరు మొదటి వారం తర్వాత ఇలాంటి రాత్రి ఇదే. అందుకే మర్చిపోకముందే రాస్తున్నాను.

మాది హన్మకొండ. బోరు మోటర్లు వైండింగ్ చేసే షాపు నాది. బిడ్డకు ఐదేళ్లు, యూకేజీ చదువుతోంది. చలి మొదలవగానే మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎర్రగా పొక్కినట్టు అయింది. ముట్టుకుంటే ఎమెరీ పేపర్‌లా గరుకు. మా అమ్మ చూసి తామర అంది. ఇంటి పక్క మెడికల్ షాపాయన కూడా అదే మాట అని, "అన్నా, ఇది రాయి, నాలుగు రోజుల్ల పోతది" అంటూ 15 గ్రాముల ట్యూబ్ చేతిలో పెట్టాడు. నిజంగానే నాలుగు రోజుల్లో పోయింది. ఆపిన వారానికి రెండింతలై వచ్చింది. ఇంకో ట్యూబ్ కొన్నాను, మళ్లీ అదే కథ. ఆ ట్యూబ్ పేరు ఇక్కడ రాయను. రాస్తే చదివినవాళ్లలో ఎవరో ఒకరు అదే కొనుక్కొచ్చుకుంటారు.

డిసెంబరు చివర్లో చర్మ డాక్టర్ దగ్గరికి పోయాం. టోకెన్, రెండు గంటలు కూర్చోవడం, అందరికీ తెలిసిందే. లోపల జరిగిందే చెప్పాలి.

మేడం మడతలు చూసి, ఇది తామర కాదు, గజ్జి కాదు, ఎగ్జిమా, ఎవరికీ అంటదు అంది. ఇంట్లో మాయిశ్చరైజర్ రాస్తున్నారా అని అడిగింది. "రోజూ రెండు పూటలా నేనే రాస్తాను మేడం" అని కాస్త గర్వంగానే చెప్పాను.

"ఎంత సైజు ట్యూబ్?"

"75 గ్రాములు. నవంబరు మధ్యలో కొన్నాం, ఇంకా సగం ఉంది" అన్నాను. పొదుపుగా వాడానని మెచ్చుకుంటుంది అనుకున్నాను.

ఆమె పక్కన కూర్చున్న జూనియర్ డాక్టర్ వైపు చూసి, "40 రోజులు, సగం ట్యూబ్. రోజుకు గ్రాము కూడా లేదు" అంది. తర్వాత మెడికల్ షాపు ట్యూబ్ సంగతి అడిగింది. రెండు ట్యూబులూ ఖాళీ అని చెప్పక తప్పలేదు. అందులో మూడు మందులు కలిపి ఉంటాయట. ఒకటి ఫంగస్‌కు, ఒకటి బ్యాక్టీరియాకు, మూడోది క్లోబెటసాల్ అనే చాలా బలమైన స్టిరాయిడ్. మొదటి రెండింటితో మా బిడ్డకు పనే లేదు. మూడోది ఎరుపును అణిచేస్తుంది, కానీ మడతల్లో చర్మం మందును ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టి చర్మం పలచబడుతుంది. కుడి మోచేతి మడతలో అప్పటికే కొద్దిగా మెరుస్తోంది. నేను దాన్ని ఆరోగ్యానికి గుర్తు అనుకున్నాను.

"ఎట్లా రాస్తారో చూపించండి" అంది. బయట క్యూలో వాళ్లు తలుపు సందులోంచి చూస్తున్నారు. శనగగింజంత తీసుకుని మోచేతి మీద కిందికీ మీదికీ గట్టిగా రుద్దాను, పూర్తిగా ఇంకిపోయేదాకా. రోజూ బేరింగులకు గ్రీజు పెట్టేవాణ్ని, రాయడం నాకు రాదా అనుకున్నాను. ఆమె నా చెయ్యి ఆపి, "ఆ రుద్దుడుకే దురద లేస్తుంది" అంది. డబ్బాలోంచి పెద్ద చెంచా నిండా తీసి, చేతులు, కాళ్లు, వీపు, పొట్ట అంతటా వెంట్రుకలు వాలిన వైపుకే మెల్లగా జార్చింది. చర్మం జిడ్డుగా మెరుస్తుంటే అలాగే వదిలేసింది. మచ్చలున్నచోటే కాదు, ఒళ్లంతా పొడి చర్మమే కాబట్టి ఒళ్లంతా రాయాలట. ఐదేళ్ల పిల్లకు వారానికి దాదాపు 200 గ్రాములు. అంటే 400 గ్రాముల డబ్బా రెండు వారాల్లో అయిపోవాలి. అవ్వకపోతే తక్కువ రాస్తున్నట్టే.

ఖరీదైన క్రీము అక్కర్లేదు. వైట్ సాఫ్ట్ పారఫిన్, లిక్విడ్ పారఫిన్ కలిసిన, వాసన లేని మామూలు ఆయింట్‌మెంట్ చాలు. వేళ్లు ముంచకుండా చెంచాతో తీయాలి, లేకపోతే డబ్బాలోకి క్రిములు చేరతాయి.

ఆమె కూడా స్టిరాయిడే రాసింది, బలం తక్కువది. చీటీ చూసి నేను భయపడి వద్దన్నాను. అప్పుడు నిజంగా విసుక్కుంది. పెద్దవాళ్ల చూపుడు వేలి చివరి గీత నుంచి కొస వరకు ట్యూబ్ పిండితే అర గ్రాము వస్తుందట. అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. మా బిడ్డకు నాలుగు మడతలకూ కలిపి ఆ ఒక్క వేలికొస చాలు. రాత్రి ఒక్కపూట, ఎర్రగా ఉన్నచోటే. మాయిశ్చరైజర్‌కూ దీనికీ మధ్య అరగంట తేడా. కంటికి ఎరుపు పోయిందని ఆపకూడదు, కళ్లు మూసుకుని వేలితో తడిమితే గరుకు తగలకూడదు. మాకు అందుకు తొమ్మిది రోజులు పట్టింది. ఇప్పుడు వారానికి రెండు రాత్రులు మాత్రమే రాస్తున్నాం, అదీ ఆమె చెప్పినన్నాళ్లే.

స్నానం కూడా మారింది. హీటర్ నీళ్లు పొగలు కక్కేలా పెట్టి, శనగపిండితో నలుగు పెట్టి ఇరవై నిమిషాలు రుద్దేవాళ్లం. ఇప్పుడు గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాల లోపే, నురగ తక్కువుండే బార్. తువ్వాలతో రుద్దకుండా అద్ది, ఒళ్లు తడి పూర్తిగా ఆరకముందే, మూడు నిమిషాల్లో ఆయింట్‌మెంట్.

రాత్రి దురదకు "గోకకు" అని అరిస్తే లాభం లేదు. అది ఇంకా గోకేది. గోళ్లు రెండు రోజులకోసారి కత్తిరించి, దురద లేస్తే తడి గుడ్డ ఐదు నిమిషాలు వేసి, ఆపైన ఫ్రిజ్‌లో పెట్టిన ఆయింట్‌మెంట్ రాస్తాం. దురద సిరప్ గురించి అడిగాను. ఈ దురద ఎక్కువగా ఆ సిరప్‌లు ఆపే రకం కాదని చెప్పింది.

ఇక మా అమ్మ పథ్యం. గుడ్డు, వంకాయ, చేపలు అన్నీ బంద్ చేసింది. తిన్న రెండు గంటల లోపు దద్దుర్లో వాంతులో ఎప్పుడైనా అయ్యాయా అని మేడం అడిగింది, లేదన్నాం. అయితే పెట్టండి అంది. పెట్టాం, ఏమీ కాలేదు. అమ్మ మాత్రం ఇప్పటికీ వంకాయే కారణం అంటుంది, అనుకోనీ. అసలు కారణాల్లో ఒకటి మోకాళ్ల వెనక దొరికింది. బడివాళ్లు తప్పనిసరి చేసిన నైలాన్ సాక్సులు మోకాలి దాకా ఉంటాయి, ఆ ఎలాస్టిక్ సరిగ్గా అక్కడే ఒరుస్తుంది. రెండోది ఉన్ని స్వెటర్, ఇప్పుడు లోపల కాటన్ ఫుల్ చేతుల చొక్కా వేస్తున్నాం. సాక్సులు మార్చుకుంటామంటే డాక్టర్ కాగితం తెమ్మన్నారు. ఆ కాగితం చూసి కూడా టీచరమ్మ వారం రోజులు పిల్లను వెనక బెంచీలో విడిగా కూర్చోబెట్టింది. అంటదు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది అందులో.

జనవరి రెండో వారంలో ఎడమ మోచేతి మీద తేనె రంగు పక్కు కట్టి నీరు కారింది. అది ఇన్ఫెక్షన్, యాంటీబయాటిక్ ఐదు రోజులు ఇచ్చింది. చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి నొప్పి, జ్వరం ఉంటే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా రమ్మని చెప్పింది.

మూడో డబ్బా నిన్ననే తెరిచాం. దుప్పట్లన్నీ జిడ్డు. ఉతికినా పోదు, పైగా పారఫిన్ పట్టిన బట్టకు నిప్పు తొందరగా అంటుకుంటుందట. అందుకే పిల్లను ఇప్పుడు పొయ్యి దగ్గరికి, దీపాల దగ్గరికి రానివ్వడం లేదు. ఎండలు ముదిరితే ఈ జిడ్డు కింద చెమట పట్టి మళ్లీ దురద లేస్తుంది కాబట్టి ఏప్రిల్‌లో పలుచని క్రీముకు మార్చాలి, అప్పుడు రమ్మంది.