అరవై దగ్గర ఆగిపోయిన ధరలు

మధ్యాహ్నం దాకా పచ్చగా ఉన్న చార్టు రాత్రి తొమ్మిదింటికి ఎర్రబడింది. ఇప్పుడు పదకొండున్నర. ఇంట్లో అందరూ పడుకున్నారు, నాకే నిద్ర రావడం లేదు.

పెద్ద సంగతేం కాదు. పోయిన వారం మా ఆఫీసుకి ఒకాయనొచ్చి ఏదో రిటైర్మెంటు ప్లాను గురించి గంటసేపు చెప్పాడు, ఆ మనిషి ఇవాళ ఒక ఎక్సెల్ షీటు పంపించాడు. "మీ లెక్కలు మీరే వేసుకోండి మేడమ్, 85 దాకా దిగులు లేదు" అని. వేసుకున్నా. వయసు 42, రిటైరయ్యేది 60కి, ఇంటిఖర్చు నెలకు 35,000, ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయి. నెలకు 12,000 పెట్టుబడితో మొదలుపెట్టి, ఆ మొత్తాన్ని ఏటా 10 శాతం పెంచుకుంటూ పోవాలి. రాబడి అప్పటిదాకా 11 శాతం, ఆ తర్వాత 7. అరవై నాటికి కోటిన్నర వచ్చింది. కింద చార్టులో 60 నుంచి 85 దాకా పచ్చ కడ్డీలు మెట్లు దిగినట్టు దిగుతూ, సరిగ్గా చివరి ఏడాదికి అయిపోయాయి. వచ్చేటప్పుడు ట్రంకు రోడ్డులో దిగి అరకిలో మలై కాజా కొన్నా. మా ఆయన రెండు తిని, ఏంది విశేషం అని కూడా అడగలేదు.

అన్నం తినేటప్పుడు మొదలైంది అనుమానం. 35,000 అరవై నాటికి దాదాపు లక్షవుతుందని షీటు చెప్పింది, సరే. మరి 75కి ఎంత? మళ్లీ తెరిచి చూద్దును కదా, ఏడాది ఖర్చు వరసలో 60 దగ్గర 11,98,822. 61 దగ్గరా అంతే. 70కీ అంతే. 84కీ పైసా తేడా లేదు. 61 దగ్గరున్న C22 గడి మీద నొక్కితే ఇదీ సంగతి:

```
=$C$21
```

C21 అంటే అరవయ్యో ఏట ఖర్చు. డాలరు గుర్తులు పెట్టి దాన్ని అక్కడికక్కడ కట్టేశాడు. కిందికి ఎన్ని గడులు లాగినా అదే అంకె. అంటే నేను రిటైరైన రోజున నెల్లూరులో ధరలన్నీ ఆగిపోతాయన్నమాట. అక్కడ ఉండాల్సింది ఇది (B3లో ధరల పెరుగుదల శాతం ఉంది):

```
=C21*(1+$B$3)
```

మార్చి కిందికి లాగా. 61కి 12.7 లక్షలైంది, 72 వచ్చేసరికి రెట్టింపై 24 లక్షలు దాటింది. కావలసిన మొత్తం కోటిన్నర కాదు, 2 కోట్ల 68 లక్షలు. చార్టులో లోటుకని ఎర్రరంగు వరస ఒకటి ముందే పెట్టి ఉంది, మధ్యాహ్నం అది ఖాళీగా ఉండబట్టి నా కంట పడలేదు. ఇప్పుడు 73 దగ్గర మొదలై చివరిదాకా పెరుగుతూ పోయింది.

ఒళ్లు మండింది. తెలిసి చేశాడో, ఎవరో చేసిన షీటుని ఈయన ముందుకు తోశాడో. పచ్చ కడ్డీలు చూపిస్తే సంతకం తొందరగా పడుతుంది కదా. ఒక్క గడికి కోటీ పద్దెనిమిది లక్షల తేడా. ఇంకా కోపం ఏంటంటే, నేను పదిహేనేళ్లుగా అకౌంట్సులోనే ఉన్నా. ఏ వరసలోనైనా అంకె మారకపోతే మొట్టమొదట అక్కడే చూడాలని కొత్తగా చేరిన పిల్లలకు చెప్పేదాన్ని నేనే.

కానీ ఆ మనిషిని తిట్టుకుంటుంటే నాయన గుర్తొచ్చాడు. నాయన కట్టుకున్న లెక్కా అచ్చం ఇదే. 1996లో 58కి రిటైరైనప్పుడు చేతికొచ్చిన నాలుగు లక్షలూ బ్యాంకులో వేశాడు. అప్పుడు వడ్డీ పన్నెండు శాతం, నెలకు నాలుగు వేలు. ఇల్లు మూడు వేలల్లో గడిచేది. నీలం అట్ట నోటుబుక్కులో పైన "రాబడి 4,000", కింద "ఖర్చు 3,000", గీత గీసి "మిగులు 1,000" అని రాసుకుని, వాకిట్లో మంచం మీద కూర్చుని వచ్చిన ప్రతివాళ్లకీ చూపించేవాడు. అసలు కదిలించే పనే లేదమ్మాయ్, అది నీకే అనేవాడు. డిపాజిట్టు తిరగరాసినప్పుడల్లా వడ్డీ దిగుతూ వచ్చింది. 2003కి ఆరు దగ్గరికొచ్చేసింది, నెలకు రెండు వేలు. ఖర్చేమో నాలుగున్నర వేలు. ఆ పేజీలో "మిగులు" అన్న మాట కొట్టేసి ఉంటుంది, పక్కన ఇంకేమీ రాయలేదు. ఆ నెలలోనే సైకిలుకు గాలి కొట్టించుకుని స్టోన్‌హౌస్‌పేటలో ఒక రైసు మిల్లుకి లెక్కలు రాయడానికి పోయాడు. 65 ఏళ్ల మనిషి. ఇంట్లో ఊసుపోవడం లేదని చెప్పాడు, మేం నమ్మాం. నాయనకు ఎక్సెల్ లేదు, డాలరు గుర్తులూ లేవు. అయినా ఖర్చుని మూడు వేల దగ్గరే కట్టేశాడు.

సరే, తప్పులు వెతకడం మొదలుపెట్టాక నావీ చూడాలిగా. ఆ 10 శాతం పెంపు నేనే వేశా, ఎవరూ వేయమనలేదు. నా జీతం 55,000, ఏటా సగటున పెరిగేది 6 శాతం. ఇప్పుడు 12,000 అంటే జీతంలో 22 శాతం. పెట్టుబడిని పదేసి శాతం, జీతాన్ని ఆరేసి శాతం పెంచుకుంటూ పోతే, చివరి ఏడాది నెలకు 60,000 పైచిలుకు కట్టాలి. అప్పటి జీతం లక్షా 48 వేలు, అందులో 41 శాతం. ఏడో ఏటో ఎనిమిదో ఏటో నేనే ఆపేస్తా, నాకు తెలుసు. పెంపుని 6కి దించా. కోటిన్నర కాస్తా కోటీ 12 లక్షలైంది, ఎరుపు 69కి జరిగింది.

అక్కడ షీటు మూసేసి పడుకోవాల్సింది. పడుకోలా. ఆ 35,000లో ఏమేమున్నాయో రాసుకుంటే, చిన్నోడి ఫీజు, ట్యూషను, బస్సు కలిపి 9,000 తేలింది. అరవై తర్వాత నేనెవరికి ఫీజు కట్టాలి? 26,000 వేశా. కావలసింది కోటీ 99 లక్షలకు దిగింది. ఎరుపు ఎక్కడికి పోయిందో చూస్తే మళ్లీ 73కే వచ్చి నిలబడింది. రెండు తప్పులు దిద్దితే, బయల్దేరిన చోటికే చేరా.

కానీ ఇదీ ఆ ఎరుపూ ఒకటి కాదని ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది. ఇందులో నేను కట్టగలిగిన అంకెలున్నాయి. లోటు 87 లక్షలంటే గుండె జారుతుంది గానీ అది అరవయ్యో ఏటి రూపాయల్లో. ఆరు శాతం చొప్పున వెనక్కి లాక్కొస్తే ఇవాళ్టి విలువ 30 లక్షలు. ఈ లోటు లేకుండా చేయాలంటే 12,000 బదులు 21,000 పైన మొదలుపెట్టాలి, ఇప్పుడైతే కుదరదు. చిన్నోడి ఫీజులు అయిపోయిన ఏడాది ఆ 9,000 ఇటు తిప్పచ్చేమో. కాకపోతే అప్పటికి చాలా ఏళ్లు పోతాయి కాబట్టి ఆ తొమ్మిది వేలొక్కటే చాలవు. ఇదంతా కూడా ఏటా పదకొండు శాతం తప్పకుండా వస్తేనే. ఆ పదకొండుకి ఎవరి పూచీ లేదు.

మందుల ఖర్చుకి వేరే వరస పెట్టాలి. అమ్మ మందుల చీటీలు చూసేదాన్ని కాబట్టి అవి ఆరు శాతంతో ఆగవని తెలుసు. ఆ వరస మాత్రం ఇవాళ పెట్టలేదు.

మా ఆయన మంచినీళ్లకు లేచి, "ఇంకా ఆ కడ్డీలేనా, పడుకో" అన్నాడు. ఫ్రిజ్‌లో కాజాలు నాలుగే ఉన్నాయి, నేను ఒక్కటీ తినలేదు.

ఆ మనిషి రేపు పదకొండింటికి ఫోన్ చేస్తానన్నాడు. ముందు C22 గడిలో ఏముందో చదివి వినిపించమంటా.