ఒకే కార్డులో ఇద్దరు లారీ సైదులు: నాన్న ఫోన్ మార్చిన అనుభవం

మా నాన్నది మిర్యాలగూడలో ధాన్యం కమీషన్ వ్యాపారం. దుకాణంలో కంప్యూటర్ లేదు, ఖాతా పుస్తకాలు ఉన్నాయి, ఇంకేదైనా ఉందంటే ఆయన ఫోనే. రైతులు, రైస్ మిల్లుల గుమాస్తాలు, లారీ డ్రైవర్లు, హమాలీ మేస్త్రీలు, గోనె సంచుల వాళ్లు, అందరి నంబర్లూ అందులోనే. ఆ ఫోన్ బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోతే, కొత్త ఫోన్ కొని నేను హైదరాబాద్ నుంచి శనివారం ఇంటికి వెళ్లాను.

గంటలో అయిపోతుందనుకున్నాను. కొత్త ఫోన్‌లో నాన్న గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయితే నంబర్లన్నీ వాటంతట అవే వస్తాయని నా ధీమా. వచ్చినవి 372. పాత ఫోన్ జాబితా మాత్రం ఎంత జరిపినా కిందికి పోతూనే ఉంది. నాన్న రెండు పేర్లు వెతికి దొరక్కపోయేసరికి నా మొహం చూశారు. "లారీ సైదులు నంబర్ పోతే రేపు లోడింగ్ ఎట్ల బిడ్డా?" అన్నారు. అప్పుడు నాకూ టెన్షన్ మొదలైంది.

పాత ఫోన్‌లో కాంటాక్ట్స్ యాప్ తెరిచి, ఏ నంబర్ ఎక్కడ సేవ్ అయిందో విడివిడిగా చూస్తే సంగతి అర్థమైంది. గూగుల్ అకౌంట్‌లో 372, ఫోన్ మెమరీలో 611, సిమ్ కార్డులో 198. ఫోన్ ఈ మూడింటినీ కలిపి ఒకే జాబితాగా చూపిస్తుంది కాబట్టి అన్నీ ఒకచోటే ఉన్నాయని అనుకుంటాం. కొత్త నంబర్ సేవ్ చేసేటప్పుడు ఎక్కడ దాచాలని ఫోన్ అడుగుతుంది. నాన్న ఒకప్పుడు సిమ్ అన్నారు, ఒకప్పుడు ఫోన్ అన్నారు. లాగిన్ అయితే వచ్చేది గూగుల్‌లో ఉన్నవే, మిగతావి రావు. ఒక్కో మనిషి పేరూ నంబరూ కలిసి ఒక కార్డు అనుకుంటే, మొత్తం 1,181 కార్డుల్లో చాలామంది రెండు చోట్లా, కొందరు మూడు చోట్లా ఉన్నారు.

దేన్నీ కదిలించకముందే ఫోన్ మెమరీలోని నంబర్లను Export to file నొక్కి ఒక .vcf ఫైల్‌గా తీసుకున్నాను. దాన్ని ల్యాప్‌టాప్‌లోకి, ఒక పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేశాను. ఫైల్ వచ్చిందంటే నంబర్లన్నీ వచ్చినట్టు కాదు, లెక్క చూడాలి. vcf అంటే మామూలు అక్షరాల ఫైలే. ఒక్కో మనిషి కార్డు BEGIN:VCARD అనే వరుసతో మొదలవుతుంది, కాబట్టి ఆ వరుసలు ఎన్నున్నాయో లెక్కపెడితే చాలు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా:

```
find /c "BEGIN:VCARD" nanna.vcf
```

611 అని వచ్చింది. ఫోన్ చూపించిన అంకె కూడా అదే. ఇక్కడ తక్కువ వచ్చి ఉంటే ముందుకు పోయేదాన్ని కాదు.

అదే ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచినప్పుడు ఒక్క క్షణం గుండె ఆగినంత పనైంది. ఇంగ్లీషులో రాసిన పేర్లు బాగానే ఉన్నాయి కానీ, తెలుగులో ఉన్న పేర్ల స్థానంలో ఇలాంటి వరుసలు కనిపించాయి:

```
FN;CHARSET=UTF-8;ENCODING=QUOTED-PRINTABLE:=E0=B0=85=E0=B0=AE=E0=B1=8D=E0=B0=AE
```

పాడైపోలేదు. ఇది "అమ్మ". పాత 2.1 రకం vcf లో ఇంగ్లీషు కాని అక్షరాలను ఇలా సంకేతాలుగా మార్చి రాస్తారు. ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి మూడు జతలు: మొదటి మూడు జతలు అ, తర్వాతి మూడు మ, ఆ తర్వాతివి పొల్లు, చివరివి మళ్లీ మ. పేరు పొడవుగా ఉంటే వరుస చివర ఒక = గుర్తు పెట్టి మిగతాది కింది వరుసలో రాస్తుంది. అది చూసి వరుస తెగిపోయిందనుకుని ఆ = తీసేసి సేవ్ చేస్తే, ఆ పేరు నిజంగానే సగంలో తెగుతుంది. అందుకే ఈ ఫైల్‌ను తెరిచి చూడొచ్చు కానీ దిద్ది సేవ్ చేయకూడదు. కొత్త చోట తెరిచాక పేర్లలో = గుర్తులు గానీ సగం పేర్లు గానీ కనిపిస్తే తప్పు ఇక్కడ జరిగిందని గుర్తు. CSV గా తీసుకుని ఎక్సెల్‌లో సర్దుదామని మా తమ్ముడు అన్నాడు, నేను వద్దన్నాను. నేరుగా తెరిస్తే ఎక్సెల్ ఫోన్ నంబర్‌ను మామూలు అంకె అనుకుంటుంది. ముందున్న సున్నా, + గుర్తు పోతాయి, నంబర్ 9.19E+11 లా కనిపిస్తుంది. అలాగే సేవ్ చేస్తే ఆ నంబర్లను నమ్మలేం.

ఆ vcf ను ల్యాప్‌టాప్‌లో contacts.google.com లోకి Import చేశాను. ఇలా తెచ్చిన వాటికి గూగుల్ ఆ రోజు తేదీతో ఒక లేబుల్ తగిలిస్తుంది. ఏదైనా తేడా వస్తే ఆ లేబుల్ ఉన్నవాటిని మాత్రమే తీసేయొచ్చు, పాత 372 జోలికి పోనక్కర్లేదు. సిమ్‌లోని 198 ని పాత ఫోన్‌లోని గూగుల్ కాంటాక్ట్స్ యాప్ నుంచే గూగుల్ అకౌంట్‌లోకి తెచ్చాను. పది గంటలకల్లా 1,181 కార్డులూ ఒకే చోటికి చేరాయి.

ఇక డూప్లికేట్లు కలపడం. Merge & fix తెరిస్తే జంటలు జంటలుగా వందల సూచనలు. పైన Merge all అనే బటన్. నేను నొక్కేశాను. నిమిషంలో 1,181 కాస్తా 702 అయ్యాయి, పని అయిపోయిందనే అనుకున్నాను.

భోజనానికి ముందు, ఒకటిన్నరకు, నాన్న కొత్త ఫోన్‌లో తన సిమ్ వేసి దామరచర్ల లారీ సైదులుకు ఫోన్ చేశారు. ఎత్తింది కోదాడ లారీ సైదులు. కార్డు తెరిచి చూస్తే పేరు ఒకటే, కింద నంబర్లు రెండు.

ఎందుకిలా అయిందో చెప్పాలంటే రెండు సంగతులు చెప్పాలి. మొదటిది మా ప్రాంతపు పేరు. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుని పిల్లలకు ఆ పేరు పెట్టుకునేవాళ్లు మా వైపు హిందువుల్లో, ముస్లింలలో ఎందరో. వీధిలో నిలబడి సైదులూ అని పిలిస్తే ఇద్దరు ముగ్గురు తిరిగి చూస్తారు. రెండోది సిమ్ కార్డు. సిమ్‌లో పేరుకు ఉండే చోటు చాలా తక్కువ. నాన్న సిమ్‌లో పద్నాలుగు ఇంగ్లీషు అక్షరాలే పడతాయి, తెలుగులో రాస్తే అన్ని కూడా పట్టవు. Lorry Saidulu Damaracherla, Lorry Saidulu Kodad అని నాన్న రాసుకున్నా, సరిగ్గా ఊరి పేరు మొదలయ్యే చోటే సిమ్ కోసేసింది. రెండూ Lorry Saidulu గానే మిగిలాయి. పేర్లు ఒకటే కదా అని గూగుల్ కలిపేసింది. ఉత్త Saidulu అని సేవ్ చేసిన ముగ్గురు కూడా ఒకే కార్డయ్యారు: ఒకరు హమాలీ మేస్త్రీ, ఒకరు గోనె సంచుల వ్యాపారి, ఒకరు మా మేనత్త గారి అల్లుడు.

ఇక్కడ నన్ను కాపాడింది Undo changes. contacts.google.com లో పైన ఉండే సెట్టింగ్స్ గుర్తు నొక్కితే కనిపిస్తుంది. మొత్తం జాబితాను 30 రోజుల లోపు ఏ సమయానికైనా వెనక్కి తీసుకెళ్లొచ్చు. నేను Merge all నొక్కింది పన్నెండు దాటాక, Import చేసింది పదికి. అందుకని Custom లో రెండు గంటల కిందటికి, అంటే ఆ రెండింటి మధ్యకు, వెళ్లమన్నాను. మళ్లీ 1,181. ఇంకొంచెం వెనక్కి వెళ్లి ఉంటే Import చేసినవి కూడా పోయేవి. మధ్యలో కొత్తగా సేవ్ చేసుకున్న నంబర్లున్నా అలాగే పోతాయి, అవి ముందు కాగితం మీద రాసుకోవాలి.

ఈసారి నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క జంటా చూశాం. నంబర్ చివరి పది అంకెలు ఒకటే అయితే ఒకే మనిషి, కలిపేయొచ్చు. 0 తో మొదలైనా +91 తో మొదలైనా పర్వాలేదు. పేరు ఒకటై నంబర్లు వేరైతే నాన్ననే అడగాలి. సిమ్ నుంచి వచ్చిన తెగిన పేర్లకు ఒక దారి దొరికింది: ఆ పది అంకెలు వెతుకు పెట్టెలో కొడితే ఫోన్ మెమరీ నుంచి వచ్చిన పూర్తి పేరు పక్కనే కనిపించేది. అలా ఇద్దరు లారీ సైదులులకూ ఊళ్లు తిరిగొచ్చాయి. ముగ్గురు ఉత్త సైదులుల పేర్ల పక్కన మాత్రం నాన్న చెబుతుంటే నేను రాశాను.

నంబర్ ఒకటే ఉండి పేర్లు వేరుగా ఉన్నవి నేను అనుకోలేదు. పదకొండు దొరికాయి. కొన్ని ఒకే ఫోన్ వాడే తండ్రీకొడుకులవి. వాటిని కలిపి ఒకే కార్డులో ఇద్దరి పేర్లూ రాశాం. ఒకటి మాత్రం వేరే. నాన్న స్నేహితుడైన ఒక మిల్లు గుమాస్తా నంబర్, అదే నంబర్ మీద రెండేళ్ల కింద సేవ్ చేసిన ఒక ట్రాక్టర్ డ్రైవర్ పేరు. గుమాస్తా చనిపోయాక ఆ నంబర్ కొన్నాళ్లకు ఇంకొకరికి వెళ్లింది. కలపనా అంటే నాన్న కాసేపు మాట్లాడలేదు. "ఆయన పేరు ఉండనీ, నంబర్ తీసెయ్" అన్నారు. నంబర్ లేని కార్డు కూడా ఉండొచ్చు. ఉంచాను.

సాయంత్రం ఆరు దాటింది. 779 కార్డులు మిగిలాయి. మధ్యాహ్నం ఒక్క బటన్‌తో వచ్చిన 702 కూ దీనికీ తేడా 77. వేరువేరు మనుషులైనా పేరు కలిసినందుకు ఒకే కార్డులోకి వెళ్లిపోయినవన్నీ అందులో ఉన్నాయి.

కొత్త ఫోన్‌లో సింక్ అయ్యాక చూస్తే డూప్లికేట్లు మళ్లీ కనిపించాయి. ఇంత చేసినా ఇదేంటని ఒక నిమిషం కూలబడ్డాను. సిమ్‌లోని ఆ 198 ఎక్కడికీ పోలేదు, కొత్త ఫోన్ వాటిని కూడా కలిపి చూపిస్తోంది, అంతే. జాబితాలో గూగుల్ అకౌంట్ ఒక్కటే కనిపించేలా పెట్టాను. ఇకమీదట కొత్త నంబర్లు అక్కడికే వెళ్లేలా సెట్టింగ్స్‌లో Default account for new contacts మార్చాను. సిమ్‌లోవి మాత్రం నెల దాకా చెరపలేదు.

రెండు రోజుల తర్వాత నాన్న ఫోన్ చేసి ఒక రైతు నంబర్ రాలేదన్నారు. పేరేంటి అంటే, "పేరుతో పెట్టలే బిడ్డా, చివర నలభై ఏడు ఉంటది" అన్నారు. కొందరి నంబర్లు ఆయన ఎప్పుడూ సేవ్ చేయలేదు, కాల్ జాబితాలో చివరి అంకెలు చూసి గుర్తుపడతారట. కాల్ జాబితా vcf లోకి రాదు. పాత ఫోన్ ఇంకా అమ్మేయలేదు కాబట్టి బతికిపోయాం. బ్యాటరీ ఉబ్బిన ఫోన్ కదా, ఛార్జింగ్‌కు పెట్టనివ్వలేదు. మిగిలిన ఛార్జ్‌తోనే తమ్ముడు కాల్ జాబితా తెరిచి చదివాడు, నాన్న పేర్లు చెప్పారు, అమ్మ ఖాతా పుస్తకం వెనక పేజీలో రాసింది. పద్నాలుగు నంబర్లు. రాత్రికి నేను హైదరాబాద్ నుంచే contacts.google.com లో ఎక్కించాను, ప్రతి పేరు పక్కన ఊరి పేరుతో సహా.