మబ్బు దాటిన బెలూన్

ఈరోజు తెల్లవారుజామున విశాఖలో వదిలిన వాతావరణ బెలూన్ మబ్బులోంచి పైకి రాగానే, తెరపై ఉష్ణోగ్రత గీత ఒక్కసారిగా ఎడమకు వంగిపోయింది. బెలూన్ మరో వంద మీటర్లు ఎక్కేలోపే రెండు డిగ్రీలు తగ్గింది.

పైకి లేచే పొడిగాలి సైతం వంద మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ మాత్రమే చల్లబడుతుంది కాబట్టి, స్వేచ్ఛగా కలిసే గాలిలో అంతకు మించిన తగ్గుదల నిలవదు. మబ్బులో తడిసిన సెన్సర్‌పై నీరు పొడిగాలి తగలగానే ఆవిరవుతూ, తడిబట్ట చుట్టిన కూజాను చల్లబరచినట్టే దాన్నీ చల్లబరచింది. కాసేపటికి గీత తిరిగి దారికి వచ్చింది. తేమను కొలిచే పలుచని పొర కూడా తడిస్తే, మబ్బు దాటాక కొంతసేపు గాలిని ఉన్నదానికంటే తేమగా చూపుతుంది. ఆ కొన్ని విలువలను గుర్తుపెట్టి పక్కన పెట్టాలి.

గాలివేగానికి మాత్రం ఈ బెడద లేదు. దానికి వేరే సెన్సర్ ఉండదు. బెలూన్ ఎటు, ఎంత కొట్టుకుపోయిందో జీపీఎస్ చెబుతుంది, అదే గాలి.

ప్రపంచమంతటా ఈ కొలతలకు ప్రధాన వేళలు గ్రీనిచ్ కాలంలో 0, 12 గంటలు. మనకు ఉదయం, సాయంత్రం 5.30. నిమిషానికి సుమారు 300 మీటర్లు ఎక్కే బెలూన్‌కు 30 కిలోమీటర్లు చేరడానికి గంటన్నరకు పైగా పడుతుంది కనుక, దాన్ని ముందే వదులుతారు.

ఆ గీత వంగిన చోటును మళ్లీ మళ్లీ చూస్తూ కూర్చున్నాను.