పాడ్‌కాస్ట్ లాగ్: ఐదో ఎపిసోడ్ సంగీతం, దాని లైసెన్సు సంగతులు

ఐదో ఎపిసోడ్ ఎడిటింగ్ దాదాపు అయిపోయింది. ఈసారి మాటల కంటే వెనక వచ్చే మ్యూజిక్ మీదే ఎక్కువ టైం పోయింది కాబట్టి ఆ సంగతే రాస్తున్నా. మా పాడ్‌కాస్ట్ పాత సినిమా హాళ్ల గురించి. ఈ ఎపిసోడ్‌లో ఒకప్పుడు ప్రొజెక్టర్ నడిపిన బాబాయ్ ఒకాయన కార్బన్ కడ్డీలు మార్చడం, రీలు తెగితే జనం ఈలలేయడం అన్నీ చెప్పారు. ఇలాంటి సబ్జెక్టు అనగానే పాత సినిమా పాట బిట్ ఒకటి వేసేయొచ్చుగా అంటారు, పది సెకన్ల లోపైతే పర్లేదంటగా అని కూడా అంటారు. మన 1957 కాపీరైట్ చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఎక్కడా లేదు. సమీక్షకో విమర్శకో కొంత మినహాయింపు ఉంది గానీ, ఇంట్రోలో హుషారు కోసం వేసుకునే బిట్‌ని ఆ కిందకి లాక్కురావడం కష్టం.

పోనీ త్యాగరాజ కీర్తన వేద్దామా అనుకున్నాం. ఆయన 1847లో పోయారు, కృతి మీద ఎవరికీ హక్కు లేదు. కానీ దాన్ని ఎవరో పాడి రికార్డు చేసి విడుదల చేస్తే ఆ రికార్డింగ్ హక్కు వేరే. మన దగ్గర అది విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి లెక్కేసి 60 ఏళ్లు ఉంటుంది. అంటే 1960లో వచ్చిన రికార్డు 2020 చివరి దాకా. నెట్‌లో దొరికే మంచి క్వాలిటీ కచేరీలన్నీ దాదాపుగా ఆ తర్వాతివే, కాబట్టి ఆ ఆలోచన అక్కడితో ఆపేశాం.

ఇక రాయల్టీ ఫ్రీ. ఈ మాట వినగానే ఊరికే వాడుకోవచ్చు అనుకుంటారు గానీ, దాని అర్థం వాడిన ప్రతిసారీ డబ్బు కట్టక్కర్లేదని మాత్రమే. హక్కు సంగీతకారుడి దగ్గరే ఉంటుంది, మనకి ఉండేది షరతులతో కూడిన అనుమతి. ఆ షరతులు సైటుకో రకంగా ఉంటాయి కాబట్టి, నేను చదివి అర్థం చేసుకోగలిగిన ఒక్క లైసెన్సుకే కట్టుబడ్డా: క్రియేటివ్ కామన్స్‌లో స్క్రీన్ మీద `CC BY 4.0` అని కనిపించేది. పేరు చెప్పు, ఏమైనా చేసుకో అనే రకం, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు.

దీని అన్నదమ్ముల్ని కావాలనే వదిలేశా. ఎన్‌సీ అని ఉంటే వాణిజ్యానికి వాడకూడదు. ఇప్పుడు మాకు యాడ్స్ లేవు, కానీ హోస్టింగ్ కంపెనీలు పాత ఎపిసోడ్లలోకి కూడా యాడ్స్ దూర్చే సదుపాయం ఇస్తున్నాయి, రేపు అది ఆన్ చేస్తే ఈ ఐదో ఎపిసోడ్ మెడకి చుట్టుకుంటుంది. ఎన్‌డీ ఉంటే మార్చిన రూపాన్ని పంచుకోకూడదు. ట్యూన్ కోసి అతికించాక ఇది మార్పా కాదా అని వాదించుకునే ఓపిక నాకు లేదు, పైగా సంగీతాన్ని కదిలే బొమ్మతో కలిపితే అది మార్పే అని లైసెన్సులోనే రాసి ఉంది, అంటే వీడియో క్లిప్ చేస్తే దొరికిపోయినట్టే. ఎస్‌ఏ ఉంటే దాని మీద చేసిన కొత్త రచనని అదే లైసెన్సుతో బయటికి వదలాలి. బాబాయ్ మాటల్ని ఎవరైనా కోసి వాడుకోవచ్చని ఆయన మాకు అనుమతి ఇవ్వలేదు కదా.

ఎంచుకున్నది కెవిన్ మెక్లియోడ్ అనే సంగీతకారుడి ట్యూన్ ఒకటి, ఆయన సొంత సైటు నుంచే. సొంత సైటు అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, వేరే చోట ఎవరో ఎక్కించిన ఫైలు మీద ఫ్రీ అని రాసున్నా ఆ ఎక్కించినవాడికి ఆ హక్కు లేకపోతే ఆ లైసెన్సుకి విలువే లేదు. డౌన్‌లోడ్ చేసిన రోజే ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచి, ట్యూన్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టా. సైటు రేపు షరతులు మార్చుకున్నా, షరతులు పాటిస్తున్నంత కాలం నాకు వచ్చిన అనుమతి పోదు, కాకపోతే ఆ రోజు ఏమని ఉందో చూపించడానికి నా దగ్గర కాగితం ఉండాలి.

ఎడిటింగ్ ఆడాసిటీలో. మొదట్లో 18 సెకన్లు మ్యూజిక్ ఒక్కటే, తర్వాత నా గొంతు మొదలవగానే అది కిందకి దిగి ఇంకో అర నిమిషం నడిచి ఆగిపోతుంది. గొంతు వచ్చినప్పుడు మ్యూజిక్‌ని దానంతటదే తగ్గించే `Auto Duck` వాడేటప్పుడు మ్యూజిక్ ట్రాక్ సెలెక్ట్ చేసి, గొంతు ట్రాక్ దానికి సరిగ్గా కింద ఉండాలి, లేకపోతే అది పనిచేయదు. మామూలుగా అది 12 డెసిబెల్స్ తగ్గిస్తుంది, నాకు చాలలేదు, గొంతు కంటే 20 దాకా తక్కువ ఉంటేనే బాబాయ్ మాటల్లో చివరి అక్షరాలు తేటగా వినపడ్డాయి. చివర్లో అదే ట్యూన్‌ని ఒకసారి లూప్ చేసి ఫేడ్ చేశా.

ఈ కోతలు, లూపులు ఎందుకు చెబుతున్నానంటే, 4.0లో ఏ మార్పు చేసినా చేశామని చెప్పాలి. డిస్క్రిప్షన్‌లో పెట్టింది ఇది:

```
Music: "Carefree" Kevin MacLeod (incompetech.com)
Licensed under Creative Commons: By Attribution 4.0 License
http://creativecommons.org/licenses/by/4.0/
Music trimmed, looped and faded.
```

మొదటి మూడు లైన్లు ఆయన అడిగే తీరులోనే, నాలుగోది నాది. లింకుని మాట వెనక దాచకుండా అడ్రసు మొత్తం కనపడేలా రాశా, ఎందుకంటే కొన్ని యాప్‌లు డిస్క్రిప్షన్‌లోంచి లింకులు తీసేసి ఉత్త అక్షరాలే చూపిస్తాయి.

మా కో-హోస్ట్, "అన్నా, కింద రాశాంగా, మళ్లీ నోటితో చెప్పడం ఎందుకు, బోర్ కొడుతుంది" అన్నాడు. లైసెన్సు ప్రకారం వాడు చెప్పింది కరెక్టే, మాధ్యమానికి తగ్గట్టు సహేతుకంగా ఎలా ఇచ్చినా సరే అంటుంది అది. కానీ మా వాళ్లలో చాలామంది ఎంపీ3 వాట్సాప్‌లో పంపించుకుంటారు, అప్పుడు డిస్క్రిప్షన్ వెంట రాదు. అందుకని చివర్లో ఒక్క వాక్యం చెప్పా: "ఇందులో విన్న సంగీతం కెవిన్ మెక్లియోడ్‌ది, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వాడుకున్నాం, వివరాలు డిస్క్రిప్షన్‌లో." ఆయనేదో మా కోసం కట్టిచ్చినట్టో, మమ్మల్ని మెచ్చుకున్నట్టో అనిపించకూడదు, అది కూడా షరతే. క్రెడిట్ పొరపాటున జారిపోతే అనుమతి దానంతటదే రద్దవుతుంది, తెలిసిన 30 రోజుల్లోపు సరిచేస్తే మళ్లీ దానంతటదే వస్తుంది.

ప్రోమోని యూట్యూబ్‌లో పెడితే మాత్రం ఏదో కంపెనీ నుంచి కంటెంట్ ఐడీ క్లెయిమ్ పడింది, అంటే ఆ సంగీతం మాదని యూట్యూబ్ ఆటోమేటిక్ సిస్టమ్ ద్వారా వాళ్లు అనడం. వాళ్ల పాటలో ఇదే ట్యూన్ వాడుకుని మొత్తాన్ని తమ పేరుతో రిజిస్టర్ చేసుకుని ఉంటారు, మామూలే. క్లెయిమ్ అంటే స్ట్రైక్ కాదు, టెన్షన్ పడి వీడియో తీసేయక్కర్లేదు. లైసెన్సు ఉందనే కారణం ఎంచుకుని, సైటు అడ్రసు, లైసెన్సు లింకు పెట్టి డిస్‌ప్యూట్ వేశా. వాళ్లు జవాబివ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది, ఇంకా నడుస్తోంది.

ఆరో ఎపిసోడ్‌కి తెలిసిన కుర్రాడి చేత నాదస్వరం వాయించి మేమే రికార్డు చేద్దామనుకుంటున్నాం. త్యాగరాజ కీర్తనే కాబట్టి కృతికి అనుమతి అక్కర్లేదు, వాయించినవాడి అనుమతి మాత్రం రాతలో ఉండాలి. మన చట్టంలో ఒక మెలిక ఉంది, కాగితంలో ఎంతకాలానికి అని రాయకపోతే అయిదేళ్లకే అనుకుంటారు, ఎక్కడెక్కడ అని రాయకపోతే ఇండియా వరకే. అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా వింటున్నారు కాబట్టి "ప్రపంచమంతటా, హక్కు ఉన్నంత కాలం" అని రాయించి, అతనికి ఇచ్చే డబ్బు ఎంతో కూడా అందులోనే వేసి, ఆ తర్వాతే మైకు పెడతాం.