ఎంసీఏ ప్రాజెక్టు వైవా: చెట్టు అనుకున్నది తాడులా తేలింది

వైవా నిన్ననే అయిపోయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. టాపిక్ ఒప్పించుకోవడం, అబ్‌స్ట్రాక్ట్, స్పైరల్ బైండింగ్ అన్నీ మామూలుగానే అయిపోయాయి. గైడ్ సంతకం మాత్రం మధ్యాహ్న భోజనానికి ముందే తీసుకోండి, ఆ తర్వాత మనిషి దొరకడు.

మిర్యాలగూడలో మా మామ ఒక రైస్ మిల్లులో గుమస్తా. వేబ్రిడ్జి దగ్గర తూకం చీటీలు కొన్ని సీజన్లవి కంప్యూటర్‌లో ఉన్నాయంటే 50,000 చీటీల ఫైలు తెచ్చుకున్నాను. చీటీ నంబరు కొడితే లారీ, తూకం, రైతు పేరు రావాలి. దానికి బైనరీ సెర్చ్ ట్రీ వాడమన్నది గైడే. చేతితో ఓ పది నంబర్లు అటూ ఇటూగా కొట్టి చూపిస్తే చక్కగా పనిచేసింది, ఆయన తల ఊపారు. కోడ్ అందరికీ తెలిసినదే:

```python
def insert(root, key):
    if root is None:
        return Node(key)
    if key < root.key:
        root.left = insert(root.left, key)
    else:
        root.right = insert(root.right, key)
    return root
```

అసలు ఫైలు ఎక్కించగానే `RecursionError: maximum recursion depth exceeded` అని పడింది. కోడ్‌లో తప్పుంటే పది నంబర్లకు కూడా పడాలి కదా! గైడ్‌ను అడిగితే, "నీ ల్యాప్‌టాప్ పాతది, ర్యామ్ ఎక్కించు" అన్నారు. ర్యామ్‌కు, పైథాన్ దాదాపు వెయ్యి పిలుపుల దగ్గర గీసిన గీతకు సంబంధమే లేదు. ఇంకోసారి వెళ్తే, "నంబర్లు పెద్దగున్నయ్, 1 నుంచి మొదలయ్యేటట్టు మార్చు" అన్నారు. మార్చాను. ఏమీ మారలేదు. ఎందుకు మారుతుంది? ట్రీ చూసేది పెద్దదా చిన్నదా అన్నదొక్కటే, నంబరు ఎంత అన్నది కాదు. చివరికి రికర్షన్ తీసేసి అదే పనిని లూప్‌తో రాశాను. ఎర్రర్ పోయింది. కానీ ఫైలు ఎక్కడానికి నిమిషాల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. వైవా రోజుకు నా చేతిలో ఉన్నది అదే.

ఎక్స్‌టర్నల్ మేడమ్ వచ్చారు. రన్ నొక్కాను. స్క్రీన్ అలాగే ఉంది. వెనక బెంచీలో నవ్వులు. ఆమె వాచీ చూసుకుని, "ఏమ్మా, లాగ్ ఎన్ అని రిపోర్టులో రాసినవ్ కదా, ఇదేనా లాగ్ ఎన్?" అన్నారు. గైడ్ పక్కనే నిలబడి గోడ వైపు చూస్తున్నారు. "ఎత్తు ప్రింట్ చేసి చూపించు" అన్నారామె. ఫైలు ఎక్కాక ప్రింట్ చేస్తే 50,000 అని వచ్చింది. చీటీలు ఎన్నో, ఎత్తూ అంతే. "రూట్‌కు ఎడమ పక్క ఏముంది?" `None`. "దాని కుడి పిల్లకు ఎడమ పక్క?" అదీ `None`. అలా అడుగుతూనే పోయారు, నేను ప్రింట్ చేస్తూనే పోయాను. చీటీలన్నీ మిల్లు గేటు ముందు లారీల్లా ఒకదాని వెనక ఒకటి వరస కట్టి ఉన్నాయి. దాన్ని ట్రీ అనడానికి నాకే నోరు రాలేదు.

తర్వాత బోర్డు మీద 1 నుంచి 7 దాకా రాసి, వరసగా ఎక్కించమన్నారు. 1 రూట్. 2 పెద్దది, కుడికి. 3 వచ్చి 1తో, 2తో పోల్చుకుని ఆ చివర కూర్చుంటుంది. కొత్తగా వచ్చేది అంతకుముందు వచ్చిన ప్రతిదాని కన్నా పెద్దదే కాబట్టి, అందరినీ పలకరించి చివరికి పోవాల్సిందే. పోలికలు 0+1+2+3+4+5+6, మొత్తం 21. అవే ఏడింటిని 4, 2, 6, 1, 3, 5, 7 వరసలో ఎక్కిస్తే రెండు పక్కలా సమానంగా పరుచుకుంటాయి, పోలికలు పదే. ఏ వరసైనా సరే అనుకుని సగటు తీస్తే 13.5 దాకా వస్తుంది. ఏడింటికి ఈ తేడా పెద్దగా కనపడదు. అందుకే నా పది నంబర్ల డెమోలో ఏమీ బయటపడలేదు. 50,000కు లెక్క కట్టండి: వరసలో వస్తే 50,000 × 49,999 ÷ 2, అంటే దాదాపు 125 కోట్ల పోలికలు. అవే చీటీలను పేకముక్కల్లా కలిపేసిన వరసలో సగటున 9.4 లక్షలు.

"మరి కలిపేస్తే ఎందుకు బాగుపడుతది?" అన్నది అసలు ప్రశ్న. "సార్ చెప్పిండ్రు" అంటే ఊరుకునే మనిషి కాదు. బోర్డు ముందు నిలబడే ఆలోచించి చెప్పాను (ఇది మాత్రం గొప్పగానే చెప్పుకుంటాను). వరసలో రూట్‌గా కూర్చునేది అన్నిటికన్నా చిన్నది. ఎడమకు సున్నా, కుడికి 49,999. ఆ కుడి భాగంలోనూ మళ్లీ అదే కథ: సున్నా, 49,998. ప్రతి మెట్టుకూ ఒక్క చీటీ తగ్గుతుందంతే. కలిపేస్తే రూట్ అయ్యే అవకాశం 50,000 చీటీల్లో ప్రతిదానికీ సమానం. నడిమి 25,000లో ఏదో ఒకటి రూట్ అయ్యే అవకాశం సగానికి సగం. అలా అయితే ఏ పక్కకూ 37,500 మించవు. ప్రతి రూట్ దగ్గరా ఇదే జరుగుతుంది కాబట్టి సగటున రెండు మెట్లకోసారి కనీసం పావు వంతు తెగిపోతుంది. ఇంటికొచ్చి `random.shuffle` ఒక్క లైను పెట్టి చూశాను: ఎత్తు నలభై దరిదాపుల్లో, ఫైలు చూస్తుండగానే ఎక్కేసింది. పాత రికర్షన్ కోడ్‌తో కూడా ఎర్రర్ రాలేదు.

వరస తిప్పితే, అంటే 7 నుంచి 1కి దిగితే ఎడమకు తాడు పడుతుందని ఎవరైనా చెప్తారు. 1, 7, 2, 6, 3, 5, 4 కూడా తాడేనని మేడమ్ గీసి చూపించారు, మెలికలు తిరుగుతుంది అంతే. ఏడు నంబర్ల 5,040 వరసల్లో ఇలా తాడయ్యేవి 64. కాబట్టి అదాటున అలాంటిది తగలడం అరుదు. కానీ మన ఫైళ్లు అదాటున రావు: హాల్‌టికెట్లు, బిల్లులు, తూకం చీటీలు పుట్టడమే వరసలో పుడతాయి.

షఫుల్‌తో అంతా అయిపోయిందని మా క్లాసువాళ్లు అనుకుంటున్నారు, కాదు. పాత 50,000 కలిపి ఎక్కించాం సరే, రేపు మిల్లులో పుట్టే చీటీలను ఎట్లా కలుపుతాం? అవన్నీ అన్నిటికన్నా పెద్ద నంబర్లు. ట్రీ కుడి చివరన ఒకదాని కింద ఒకటి వేలాడతాయి. సీజన్‌లో 10,000 చీటీలు పడితే మంచి చెట్టుకు 10,000 తోక. దీనికి మందు ఎక్కించేటప్పుడే ఎత్తు సరిచేసుకునే చెట్టు. 1962లో వచ్చిన ఏవీఎల్ ట్రీ అలాంటిదే, 60,000 చీటీలున్నా దాని ఎత్తు 23 దాటదు.

లేవబోతుంటే మేడమ్ ఇంకోటి అడిగారు. "వరసలోనే పుట్టే వాటికి చెట్టెందుకమ్మా?" నిజమే. కొత్త చీటీ ఎప్పుడూ చివరికే చేరుతుంది కాబట్టి మామూలు లిస్టులో వెనక చేర్చుకుంటూ పోతే అది ఎప్పుడూ వరసలోనే ఉంటుంది. `bisect`తో వెతికితే 50,000లో 16 పోలికలకు మించి పట్టవు. చెట్టు వాడమన్నది ఎవరో పైన రాశాను కదా.

మామకు ఇచ్చిన ప్రోగ్రాంలో ఇప్పుడు లిస్టే ఉంది. రిపోర్టులో ట్రీ అలాగే ఉంచి, లాగ్ ఎన్ అన్న చోట "చీటీలు కలిపి ఎక్కిస్తే, సగటున" అని చేర్చాను. ఆ పేజీ మార్చినందుకు మళ్లీ గైడ్ సంతకం కావాలట. రేపు భోజనానికి ముందే పోతాను.